పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో ప్రపోజల్ ప్రెజెంటేషన్: గ్యాప్, ప్రశ్నలు, ప్లాన్ ఎలా కట్టుకోవాలి

నోటిఫికేషన్లు పడ్డాక నా ఇన్‌బాక్స్‌లో ఒకటే ప్రశ్న తిరుగుతుంటుంది, "అక్కా ఇంటర్వ్యూకి పిలిచారు, పది నిమిషాలు ప్రెజెంటేషన్ అన్నారు, ఏం పెట్టాలి?" అని. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే ఒక ప్రపోజల్‌ని పట్టుకుని మొదట్నుంచి చివరిదాకా చూపిస్తే సరిపోతుందనిపించింది.

ఉదాహరణకి ఎకనామిక్స్‌లో మా జూనియర్ ఒకబ్బాయి తెచ్చిన టాపిక్ తీసుకుంటున్నా, గుంటూరు జిల్లాలో కౌలు రైతులు, బ్యాంకు రుణాలు. సోషల్ సైన్సెస్‌లో ఏ సబ్జెక్ట్ వాళ్లకైనా ఇదే దారి. ల్యాబ్ సైన్స్ వాళ్లు మాత్రం ఫీల్డ్ లెక్క ఉన్న చోట ఎక్విప్‌మెంట్, కెమికల్స్, మెషీన్ టైమ్ లెక్క వేసుకోండి.

## 1. ప్యానెల్ ముందు నిలబడేముందు: వాళ్లు చూసేది ఏంటి

యూజీసీ 2016 రెగ్యులేషన్స్‌లో ఇంటర్వ్యూలో ఏం చూడాలో మూడు పాయింట్లుగా రాసి ఉంది. ఈ పని చేసే సత్తా ఈ అభ్యర్థికి ఉందా, ఈ పని మా సంస్థలో చేయడానికి కుదురుతుందా, దీనివల్ల కొత్తగా తెలిసేది ఏమైనా ఉందా. తర్వాత 2022లో రెగ్యులేషన్స్ మారాయి కానీ ప్యానెల్ అడిగే ప్రశ్నలు ఇప్పటికీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

2024లో యూజీసీ చెప్పిన పద్ధతి ప్రకారం నెట్ రెండో, మూడో కేటగిరీలో వచ్చినవాళ్లకి నెట్ స్కోర్‌కి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. జేఆర్‌ఎఫ్ వాళ్లకి ఇంటర్వ్యూనే. సొంత ఎంట్రన్స్ పెట్టే యూనివర్సిటీ అయితే నోటిఫికేషన్‌లో చూసుకోండి.

స్లైడ్లు మొదలుపెట్టకముందే చేయాల్సిన ఇంకో పని ఉంది, చాలామంది చేయరు. డిపార్ట్‌మెంట్‌లో మీ టాపిక్‌కి దగ్గరగా పనిచేసే గైడ్ ఉన్నారా, ఉంటే వాళ్ల దగ్గర ఖాళీ ఉందా అని కనుక్కోండి. ఒక ప్రొఫెసర్ ఒకే సమయంలో ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్ చేయకూడదు. రిటైర్మెంట్‌కి మూడేళ్ల లోపు ఉన్నవాళ్లు కొత్తగా స్కాలర్‌ని తీసుకోకూడదు. కాబట్టి ఎంతో ఇష్టంగా "ఆ సార్ దగ్గరే చేస్తా" అని వెళ్తే అక్కడ సీటే లేకపోవచ్చు.

చెక్‌లిస్ట్:
- నోటిఫికేషన్‌లో ప్రెజెంటేషన్ టైమ్, స్లైడ్ల లిమిట్, ప్రపోజల్ కాపీలు ఎన్ని అడిగారో చూశారా
- దగ్గరి టాపిక్‌లో పనిచేసే ఇద్దరు ఫ్యాకల్టీ పేర్లు, వాళ్ల ఈమధ్య పేపర్లు చదివారా
- ఖాళీలు చూశారా

## 2. గ్యాప్: ఇక్కడే సగం మంది పడిపోతారు

మా జూనియర్ తెచ్చిన మొదటి గ్యాప్ స్లైడ్‌లో ఉన్న వాక్యం ఇది: "కౌలు రైతుల మీద చాలా అధ్యయనాలు జరిగాయి కానీ గుంటూరు జిల్లాలో ఇప్పటివరకు ఎవరూ చేయలేదు." పది ప్రపోజల్స్ చూస్తే అందులో ఆరేడింట్లో ఇదే వాక్యం, జిల్లా పేరు మాత్రం మారుతుంది.

దీంట్లో తప్పేంటంటే, ఎవరూ చేయకపోవడం ఒక్కటే కారణంగా సరిపోదు. ప్యానెల్‌లో ఎవరో ఒకరు "సరే బాబూ, పక్క జిల్లాలో చేసినవాళ్లకి వచ్చిన జవాబే నీకూ వస్తే ఏం చేస్తావ్?" అంటారు, అంతే, నోట మాట రాదు. ఆ జిల్లాలో జవాబు వేరుగా ఉండడానికి కారణం చూపించగలిగితేనే జిల్లా గ్యాప్ అవుతుంది.

మరి గ్యాప్ ఎలా వెతకాలి? నేను చెప్పే పద్ధతి కాస్త మొరటుగా ఉంటుంది, కానీ పనిచేస్తుంది. ఒక తెల్ల కాగితం మీద విషయాన్ని మొదట్నుంచి చివరిదాకా జరిగే వరుసలో రాయండి. మా టాపిక్‌లో ఆ వరుస ఇలా ఉంటుంది: కౌలు ఒప్పందం, కార్డు కోసం దరఖాస్తు, కార్డు రావడం, బ్యాంకుకి వెళ్లడం, అప్పు రావడం లేదా రాకపోవడం, రాకపోతే వేరే చోట అప్పు, పంట, తిరిగి కట్టడం. ఇప్పుడు మీరు చదివిన ఒక్కో పేపర్ ఈ వరుసలో ఎక్కడ నిలబడి మాట్లాడుతోందో ఆ చోట దాని పేరు రాయండి. కాసేపటికి కొన్ని చోట్ల పేర్లు గుంపుగా కనిపిస్తాయి, కొన్ని చోట్ల కాగితం తెల్లగా ఉంటుంది. ఆ తెల్లటి చోట మీ గ్యాప్ ఉండొచ్చు.

ఇక్కడ కొంచెం నేపథ్యం కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టంతో కౌలు రైతులకి రుణ అర్హత కార్డులు మొదలయ్యాయి. తర్వాత 2019 చట్టంతో పంట సాగుదారు హక్కు కార్డు, అందరూ సీసీఆర్‌సీ కార్డు అంటారు కదా, అది వచ్చింది. దీనికి పదకొండు నెలల ఒప్పందం, దాని మీద భూమి యజమాని సంతకం కావాలి. కాగితం మీద సంతకం పెడితే రేపు భూమి మీద హక్కు అడుగుతారేమో అని యజమానులకి భయం, అందుకని చాలామందికి కార్డే రాదు. ఈ కార్డు రాకపోవడం మీద రాసినవాళ్లు ఎక్కువ, మా కాగితం మీద పేర్లన్నీ అక్కడే పడ్డాయి.

మరి కార్డు వచ్చినవాళ్ల సంగతేంటి? మా జూనియర్ సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు ఐదుగురు కౌలు రైతులతో మాట్లాడొచ్చాడు, అందులో ఒకాయన చెప్పిన మాట మొత్తం ప్రపోజల్‌ని తిప్పేసింది. "కార్డు పట్టుకుని బ్యాంకుకెళ్లా బాబూ, మేనేజరు సర్వే నంబరు కొట్టి చూసి ఈ పొలం మీద ఆల్రెడీ మీ ఆసామికి క్రాప్ లోన్ ఉంది, ఒకే పంటకి రెండు లోన్లు ఎట్టా ఇస్తాం అన్నాడు." అంటే కార్డు చేతిలో ఉన్నా పని బ్యాంకు కౌంటర్ దగ్గర ఆగింది.

కొత్త గ్యాప్ వాక్యం ఇలా తయారైంది: "కార్డు ఎందుకు రాదనే దాని మీద పని ఉంది. కార్డు వచ్చిన కౌలు రైతు దరఖాస్తు బ్యాంకులో ఏ దశలో, ఏ కారణంతో ఆగుతోందో దశలవారీగా చూసిన పని నేను చదివినంతలో కనిపించలేదు." ఈ చివర్లో "నేను చదివినంతలో" అనే మాట తీసేయకండి. "ఎవరూ చేయలేదు" అని కొట్టినట్టు చెప్తే ప్యానెల్‌లో ఒక మేడమ్ తన స్టూడెంట్ థీసిస్ పేరు చెప్తారు, అక్కడితో మీ పని అయిపోయినట్టే.

ఆ ప్రమాదం తగ్గించుకోవడానికి శోధ్‌గంగలో థీసిస్‌లు వెతకండి, శోధ్‌గంగోత్రిలో ఇంకా జరుగుతున్న పనుల సినాప్సిస్‌లు ఉంటాయి, అదీ చూడండి. గూగుల్ స్కాలర్‌లో ఒక మంచి పేపర్ దొరికితే దాన్ని ఎవరెవరు సైట్ చేశారో ఆ లిస్ట్ మొత్తం తిరగేయండి, కొత్త పేపర్లు అక్కడ దొరుకుతాయి. ఎంత చదివితే చాలు అంటే, వెతికినప్పుడు మళ్లీ మళ్లీ చదివినవే వస్తున్నాయంటే అప్పటికి చాలు.

మీ గ్యాప్‌ని పరీక్షించుకునే చెక్‌లిస్ట్:
- గ్యాప్ వాక్యంలోంచి జిల్లా పేరు తీసేసినా దాంట్లో విషయం మిగులుతోందా
- "అయితే ఏంటి?" అని ఎవరైనా అడిగితే ఒక్క వాక్యంలో జవాబుందా
- ఆ ఖాళీకి రెండు పక్కలా ఉన్న పేపర్లు కనీసం రెండేసి పేర్లతో చెప్పగలరా
- ఆ ఖాళీ ఎందుకు ఖాళీగా ఉందో మీకు తెలుసా, డేటా దొరకదనా, ఎవరికీ పట్టలేదనా (డేటా దొరకదు అనే జవాబైతే మీకు మాత్రం ఎలా దొరుకుతుందో చెప్పాలి)

## 3. ప్రశ్నలు: మూడు చాలు, నాలుగోది తీసేయండి

నా మొదటి ఇంటర్వ్యూలో నేను 22 స్లైడ్లతో వెళ్లా. నాలుగో స్లైడ్ మీద ఉండగా ఒక పెద్దాయన చేయెత్తి ఆపి, "ఏమ్మా, ఇంతకీ నీ ప్రశ్న ఏంటి?" అన్నారు. నా ప్రశ్నలు పదమూడో స్లైడ్‌లో ఉన్నాయి. గబగబా ముందుకి జరిపా, అక్కడ ఏడు ఆబ్జెక్టివ్స్, అన్నీ "టు స్టడీ", "టు ఎగ్జామిన్"తో మొదలయ్యేవి, ఒక్కటీ ప్రశ్న కాదు. ఆ సీటు రాలేదు.

ఆబ్జెక్టివ్‌కీ ప్రశ్నకీ తేడా ఏంటంటే, ప్రశ్నకి "అవును, కాదు, ఇంత, ఇలా" అనే జవాబు ఉంటుంది, రెండు జవాబులూ సాధ్యమే అనిపించాలి. "కౌలు రైతుల సమస్యలను అధ్యయనం చేయుట" అంటే దానికి జవాబుండదు, అది ఎప్పటికీ అయిపోదు కూడా.

మా జూనియర్ మొదట రాసుకున్నవి ఐదు. చివరికి మిగిలినవి మూడు.

- ఒకటి: ఒకే ఊళ్లో కార్డున్న కౌలు రైతుకీ కార్డులేని కౌలు రైతుకీ పెట్టుబడి ఎక్కడ్నుంచి వస్తోంది, ఎంత వడ్డీకి?
- రెండు: కార్డుతో బ్యాంకుకి వెళ్లినవాళ్ల దరఖాస్తు ఏ దశలో ఆగుతోంది, ఏ కారణం చెప్తున్నారు?
- మూడు: కౌలు బస్తాల్లో కట్టే వరి ఊళ్లకీ, ముందే డబ్బు కట్టే మిర్చి ఊళ్లకీ ఈ ఆగడంలో తేడా ఉందా?

తీసేసిన రెండింట్లో ఒకటి "ప్రభుత్వం ఏం చేయాలి?" అది పాలసీ సలహా, మూడు ప్రశ్నలకి జవాబులొచ్చాక చివరి చాప్టర్‌లో తనంతట తనే వస్తుంది. ఇంకోటి "కార్డు వల్ల కౌలు రైతు ఆదాయం పెరిగిందా?" వినడానికి చాలా బాగుంది, కానీ దీన్ని ఎందుకు తీసేశామో చెప్తాను, ఎందుకంటే ప్యానెల్ కచ్చితంగా పట్టుకునే చోటు ఇదే.

కార్డు అందరికీ లాటరీలా రాలేదు. యజమాని సంతకం పెడితేనే వస్తుంది, యజమాని ఎవరికి పెడతాడు? బంధువుకి, పదేళ్లుగా అదే పొలం చేస్తున్నవాడికి, నమ్మకమైనవాడికి. అలాంటివాడికి కార్డు లేకపోయినా కౌలు కాస్త తక్కువగా, అప్పు కాస్త తేలికగా దొరికి ఉండొచ్చు. అప్పుడు కార్డున్నవాళ్ల ఆదాయం ఎక్కువ కనిపించినా అది కార్డు వల్లా, నమ్మకం వల్లా అని విడదీయలేం. అంత పెద్ద దావా చేసి దొరికిపోయే కంటే, "నేను కార్డు ప్రభావాన్ని కొలవట్లేదు, అప్పు ఆగే దారిని గుర్తిస్తున్నాను, యజమానితో సంబంధం ఏంటో కూడా అడిగి రాసుకుంటాను" అనడం మేలు. మొదటి ప్రశ్నలో కూడా "వల్ల" అనే మాట లేకపోవడం గమనించండి.

## 4. ప్రశ్నకి డేటా కట్టే టేబుల్

ప్రెజెంటేషన్ మొత్తంలో ఒకే ఒక్క స్లైడ్ మిగుల్చుకోమంటే నేను ఇదే మిగుల్చుకుంటా. మెథడాలజీ స్లైడ్‌లో "ప్రైమరీ డేటా, సెకండరీ డేటా, ప్రశ్నావళి, తగిన గణాంక పద్ధతులు" అని రాస్తే అది ఎవరి ప్రపోజల్‌కైనా అతుకుతుంది, అందుకే ఎవరికీ పనికిరాదు. "తగిన" అనే మాట దగ్గర ప్యానెల్ ఆగుతుంది, "ఏది తగినది?" అని.

దానికి బదులు మూడు వరుసల టేబుల్ పెట్టండి:

| ప్రశ్న | ఎవర్ని అడుగుతాను | ఏం కొలుస్తాను | ఎలా చూస్తాను |
|---|---|---|---|
| 1. పెట్టుబడి, వడ్డీ | 240 కౌలు కుటుంబాలు, కార్డున్నవి, లేనివి | ఒక్కో అప్పు: ఎవరి దగ్గర, ఎంత, ఏ వడ్డీ | రెండు గుంపుల పోలిక, యజమానితో సంబంధాన్ని బట్టి విడగొట్టి |
| 2. ఎక్కడ ఆగింది | కార్డుతో బ్యాంకుకి వెళ్లినవాళ్లు, బ్రాంచ్ సిబ్బంది, ఊరి రెవెన్యూ సిబ్బంది | వెళ్లిన తేదీలు, అడిగిన కాగితాలు, చెప్పిన కారణం | దశలవారీగా ఎంతమంది మిగిలారో లెక్క, 20 లోతైన ఇంటర్వ్యూలు |
| 3. వరి, మిర్చి తేడా | పైవాళ్లే, రెండు వరి ఊళ్లు, రెండు మిర్చి ఊళ్లు | కౌలు కట్టే పద్ధతి, కట్టే సమయం | రెండో ప్రశ్న లెక్కనే ఊళ్లవారీగా |

టేబుల్ అయ్యాక అడ్డంగా చదవండి. ఏ ప్రశ్నకైనా గడి ఖాళీగా ఉంటే ఆ ప్రశ్న తీసేయాలి. ఏ డేటాకైనా ప్రశ్న లేకపోతే ఆ డేటా తీసేయాలి. మా జూనియర్ ప్రశ్నావళిలో పశువులు ఎన్ని, ఇల్లు పక్కాదా అని పద్నాలుగు ప్రశ్నలున్నాయి, ఒక్కటీ టేబుల్‌లో ఎక్కడా అతకలేదు. పాత థీసిస్‌లో ఉన్నాయని పెట్టాడట!

## 5. ఫీల్డ్ లెక్క: ఒక్కరితో అవుతుందా

"శాంపిల్ 240" అన్నప్పుడు ప్యానెల్‌లో వచ్చే రెండు ప్రశ్నలు, 240 ఎందుకు, ఆ 240 మందిని ఎలా పట్టుకుంటావు. మొదటిదానికి సింపుల్ జవాబుంది, నాలుగు ఊళ్లు, ఊరికి 60 మంది, అందులో కార్డున్నవాళ్లు 30, లేనివాళ్లు 30, ఇంతకంటే తగ్గితే ఊళ్లవారీగా పోల్చడానికి గుంపు మరీ చిన్నదైపోతుంది.

రెండోదే కష్టం. కార్డున్నవాళ్ల లిస్ట్ గ్రామ సచివాలయంలో అనుమతి తీసుకుని అడగొచ్చు. కార్డులేని కౌలు రైతుల లిస్ట్ మాత్రం ఎక్కడా ఉండదు, ఎందుకంటే కాగితం మీద వాళ్లు కౌలు రైతులే కాదు. ఏ పొలంలో ఏ పంట వేశారో నమోదు చేసే ఈ-క్రాప్ లిస్ట్ వాడదామంటే అందులో సాగు చేసేవాడికి బదులు యజమాని పేరు ఎక్కి ఉండొచ్చు. "రాండమ్‌గా తీసుకుంటాను" అని చెప్పి, దేంట్లోంచి తీసుకుంటారో చెప్పలేకపోతే అక్కడే దొరికిపోతారు.

దారి ఒకటే, ముందు ఇల్లిల్లూ తిరిగి లిస్ట్ తయారుచేసుకోవడం. ఇప్పుడు లెక్క వేద్దాం. ఊరికి 400 ఇళ్లు అనుకుంటే నాలుగు ఊళ్లకి 1600. ఇంటికి ఐదు నిమిషాలు, తలుపు తీసేవాళ్లు, రేపు రమ్మనేవాళ్లు అన్నీ కలుపుకుంటే రోజుకి 50 ఇళ్లు, అంటే 32 రోజులు. తర్వాత అసలు సర్వే, ఒక్కో ఇంటర్వ్యూకి ముప్పావు గంట, రైతు దొరికేది పొద్దున్నే లేదా సాయంత్రం, కాబట్టి రోజుకి నాలుగు, 240కి 60 రోజులు. మొత్తం 92 రోజులు. పెళ్లిళ్లు, వానలు, దొరకనివాళ్లు అని దానికి ఇంకో మూడో వంతు కలిపితే 120 దాటుతుంది. మావాడి మొదటి ప్లాన్‌లో "ఫీల్డ్‌వర్క్: రెండు నెలలు" అని ఉంది.

ఈ లెక్క చెప్తే ప్యానెల్‌లో వాతావరణమే మారిపోతుంది. ఈ అబ్బాయి నిజంగా ఊళ్లోకి వెళ్లడం గురించి ఆలోచించాడు అని వాళ్లకి అర్థమైపోతుంది. లెక్క స్లైడ్ మీద పెట్టక్కర్లేదు, నోట్‌బుక్‌లో ఉంచుకుని అడిగితే చెప్పండి.

బ్యాంకు వైపు ఒక లిమిట్ ఉంది, దాన్ని మీరే చెప్పేయండి. బ్యాంకులు కస్టమర్ల అప్పు వివరాలు బయటివాళ్లకి ఇవ్వవు. కాబట్టి రెండో ప్రశ్నలో "చెప్పిన కారణం" రైతు గుర్తుపెట్టుకున్న కారణమే, బ్యాంకు ఫైల్లో ఉన్న కారణం కాదు. బ్రాంచ్ సిబ్బందిని మామూలుగా ఎలాంటి కారణాలతో ఆపుతారో జనరల్‌గా అడిగి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను అనాలి.

## 6. టైమ్‌లైన్: క్యాలెండర్ కాదు, పంట చూసుకోవాలి

మినిమమ్ మూడేళ్లు, మ్యాగ్జిమమ్ ఆరేళ్లు, మహిళలకీ 40 శాతం దాటి వైకల్యం ఉన్నవాళ్లకీ ఇంకో రెండేళ్ల సడలింపు. కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు. ఇవి అందరికీ తెలిసినవే, స్లైడ్ మీద రాయొద్దు.

జనవరిలో జాయిన్ అయితే మా ప్లాన్ ఇలా వచ్చింది:

- మొదటి ఏడాది జనవరి నుంచి జూన్: కోర్స్‌వర్క్, చదవడం
- జులై నుంచి డిసెంబర్: సచివాలయంలో ఖరీఫ్ కార్డుల పని నడుస్తుండగా దగ్గరుండి చూడటం, ప్రశ్నావళి, 15 ఇళ్లలో పైలట్
- రెండో ఏడాది జనవరి నుంచి మార్చి: నాలుగు ఊళ్ల లిస్టింగ్
- ఏప్రిల్ నుంచి జూన్: సర్వే మొదలు, ముందు వరి ఊళ్లు, మిర్చి కోతలు పూర్తయ్యాక మిర్చి ఊళ్లు
- జులై నుంచి డిసెంబర్: మిగిలిన ఇళ్లు, 20 లోతైన ఇంటర్వ్యూలు, బ్రాంచ్ సిబ్బంది, డేటా ఎంట్రీ
- మూడో ఏడాది: విశ్లేషణ, ఒక పేపర్, రాయడం
- ఆ తర్వాత ఆరు నెలలు: ఖాళీగా ఉంచుకున్నవి

మిర్చి ఊళ్లలో సర్వే ఫిబ్రవరిలో పెట్టుకుంటే ఎవరూ దొరకరు, అందరూ కోతల్లో ఉంటారు. మీ టాపిక్‌లో కూడా ఇలాంటి సీజన్ ఏదో ఒకటి ఉంటుంది, స్కూళ్ల మీద పనైతే పరీక్షలు, పంచాయతీల మీదైతే ఎలక్షన్ కోడ్. "సీజన్ మిస్ అయితే?" అని అడిగితే జవాబు సిద్ధంగా ఉండాలి. మావాడి జవాబు, మొదటి ఖరీఫ్‌లో కార్డుల పని చూడలేకపోతే రెండో ఖరీఫ్‌లో చూస్తాను, సర్వే ఆగదు, ఎందుకంటే సర్వేలో అడిగేది అయిపోయిన సీజన్ గురించే.

## 7. స్లైడ్ల వరుస, పది నిమిషాలకి

1. టైటిల్, 20 సెకన్లు. "గుంటూరు జిల్లాలో సీసీఆర్‌సీ కార్డున్న కౌలు రైతులకు బ్యాంకు రుణం: దరఖాస్తు ఎక్కడ ఆగుతోంది?"
2. సమస్య, 1 నిమిషం. ఆ రైతు చెప్పిన మాట, అంతే.
3. ఇప్పటికి తెలిసింది, నిమిషంన్నర. ఆ వరుస బొమ్మ, దాని మీద పేపర్ల పేర్లు.
4. గ్యాప్, 1 నిమిషం. ఒకే వాక్యం, పెద్ద అక్షరాల్లో.
5. ప్రశ్నలు, 1 నిమిషం.
6. టేబుల్, 2 నిమిషాలు.
7. ఊళ్లు, శాంపిల్, 1 నిమిషం.
8. టైమ్‌లైన్, 1 నిమిషం.
9. లిమిట్స్, ఈ డిపార్ట్‌మెంట్‌లోనే ఎందుకు, 1 నిమిషం.

మొత్తం 9 నిమిషాల 50 సెకన్లు. ఐదో స్లైడ్ అయ్యేసరికి ఐదు నిమిషాలు కూడా అవదు, అక్కడ ఆపేసినా గ్యాప్, ప్రశ్నలు వాళ్లకి అందేశాయి. చాలాసార్లు అక్కడే ఆపేస్తారు కూడా, లైన్లో ముప్పై మంది ఉంటారు మరి.

అందుకే మూడు వెర్షన్లు ప్రాక్టీస్ చేయండి, పది నిమిషాలది, ఐదు నిమిషాలది, స్లైడ్లు లేకుండా రెండు నిమిషాలది. మూడోది మీ అమ్మకో, ఇంట్లో వ్యవసాయం తెలిసిన ఎవరికో చెప్పి చూడండి. "కార్డుంటే లోనెందుకివ్వరు?" అని వాళ్లు తిరిగి అడిగారంటే గ్యాప్ అర్థమైనట్టు.

తెలుగు మీడియం వాళ్ల కోసం ఒక మాట. స్లైడ్లు ఇంగ్లీష్‌లో పెట్టినా, మాట్లాడేటప్పుడు మాటకోసం తడుముకోవాల్సి వస్తే "సర్, ఈ ఒక్కటి తెలుగులో చెప్పొచ్చా" అని అడగండి. మన స్టేట్ యూనివర్సిటీల్లో చాలా ప్యానెళ్లు ఒప్పుకుంటాయి. కంఠతా పట్టిన ఇంగ్లీష్ పేరా చదివితే మాత్రం మొదటి ఎదురు ప్రశ్నకే బయటపడిపోతుంది.

## 8. ఎక్కువగా అడిగేవి, తడబడే చోట్లు

"దీంట్లో కొత్తేముంది?" గ్యాప్ వాక్యం మళ్లీ చెప్పండి, కొత్త వాక్యం అప్పటికప్పుడు తయారు చేయొద్దు.

"హైపోథసిస్ ఏది?" అన్ని ప్రశ్నలకీ హైపోథసిస్ ఉండక్కర్లేదు. మూడో ప్రశ్నకి ఉంది: మిర్చి ఊళ్లలో కౌలు డబ్బు ముందే కట్టాలి కాబట్టి రైతు బ్యాంకు జవాబు వచ్చేదాకా ఆగలేడు, మధ్యలోనే దరఖాస్తు వదిలేసేవాళ్లు ఎక్కువ ఉంటారని మా అంచనా. రెండో ప్రశ్న ఏం జరుగుతోందో వెతికేది, దానికి బలవంతంగా హైపోథసిస్ అతికించకండి.

"ఏ సాఫ్ట్‌వేర్?" ఇది అడిగితే కంగారుపడకండి, మీరు వాడగలిగింది చెప్పండి. వాడటం రానిది చెప్తే తర్వాతి ప్రశ్న దాని మీదే.

"ఫలానావారి పని చూశావా?" చూడకపోతే "చూడలేదు సర్, రాసుకుంటున్నాను" అని నిజంగానే పెన్ను తీసి రాసుకోండి. చూశానని అబద్ధం చెప్పి "దాంట్లో ఏముంది?" దగ్గర దొరికిపోయినవాళ్లని నేను కళ్లారా చూశాను.

"టాపిక్ మారిస్తే ఒప్పుకుంటావా?" దీనికి వెంటనే అవునన్నా, గట్టిగా కాదన్నా ఇబ్బందే. ఏది మారొచ్చో ఏది మారకూడదో మీరు ముందే అనుకుని వెళ్లండి. మావాడు చెప్పింది, "ఊళ్లు మారొచ్చు సర్, పంట మారొచ్చు, కార్డుకీ అప్పుకీ మధ్య ఏం జరుగుతోందన్న ప్రశ్న ఉంచుకోవాలనుంది."

## 9. ఆ రోజు పొద్దున చెక్‌లిస్ట్

- ఫైల్ పీడీఎఫ్‌లో కూడా ఉందా. తెలుగు అక్షరాలు వాడితే ఇది తప్పనిసరి, వేరే కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే అక్షరాలు విడిపోయి "కౌలు" కాస్తా గళ్లు గళ్లుగా కనిపిస్తుంది
- పెన్‌డ్రైవ్ ఒకటి, మెయిల్‌లో ఒక కాపీ
- ప్రొజెక్టర్ పనిచేయకపోతే ఇవ్వడానికి టేబుల్ స్లైడ్, గ్యాప్ స్లైడ్ ప్రింట్లు ఆరు సెట్లు
- అక్షరాలు 24 సైజుకి తగ్గలేదా, టేబుల్ వెనక కుర్చీలోంచి చదవగలమా
- స్లైడ్ నంబర్లు ఉన్నాయా, "ఏడో స్లైడ్‌కి వెళ్లు" అంటారు
- ఫీల్డ్ లెక్క ఉన్న నోట్‌బుక్, పెన్ను

ప్రింట్ల గురించి నవ్వుకోకండి. మావాడి ఇంటర్వ్యూ రోజు కరెంట్ పోయింది, ఇన్వర్టర్ మీద ఫ్యాన్ ఒక్కటే తిరిగింది, ప్రొజెక్టర్ లేదు. ప్రింట్లు పంచి, ఆ టేబుల్ మీద వేలు పెట్టి మూడు వరుసలూ చెప్పాడు. ప్యానెల్‌లో ఎక్స్‌టర్నల్ సర్ ఆ కాగితం మీదే "లిస్టింగ్‌కి ఒక లోకల్ అసిస్టెంట్‌ని పెట్టుకో, పదహారు రోజుల్లో అయిపోతుంది" అని రాసి తిరిగిచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ వాడి ఫైల్లో ఉంది, వచ్చే జనవరిలో లిస్టింగ్ మొదలు.